‘అన్నా, నేను ముందే నొక్కాను’: వీసింక్ వెనక వరుసలో నిలబడ్డ ఫ్రేములు

అందరికీ నమస్కారం. వెనక వరుసలో వాళ్లకు వినబడుతోందా? సరే, మొదలుపెడతాను.

మేం నలుగురం కలిసి ఒక కత్తియుద్ధం ఆట చేస్తున్నాం. అందులో అసలు మజా అంతా ఒక్క బటన్ మీద ఉంటుంది. శత్రువు కత్తి ఎత్తుతాడు, దించుతాడు. ఆ దెబ్బ తగలడానికి ముందున్న 100 మిల్లీసెకన్లలో మీరు బటన్ నొక్కితే దెబ్బను అడ్డుకున్నట్టు. ఇంకా ముందే నొక్కినా, దెబ్బ పడ్డాక నొక్కినా తినాల్సిందే. నెలల తరబడి ఆ ఒక్క బటన్‌నే చెక్కుతూ కూర్చున్నాం.

ఆట కాస్త ఒక రూపానికి వచ్చాక తెలిసిన కుర్రాళ్లకు ఇచ్చి ఆడి చూడమన్నాం. దాదాపు అందరూ ఒకటే మాట: ‘అన్నా, నేను ముందే నొక్కాను, అడ్డు పడలేదు.’ మా ఆఫీసులో మేం ఆడితే చక్కగా పడుతోంది. కొత్తవాళ్లు కదా, చెయ్యి తిరగలేదులే అనుకున్నాం. ఆడినవాణ్ణి తప్పుపట్టడమంత సుఖం ఇంకోటి లేదు. అయినా ఫిర్యాదులు ఆగకపోయేసరికి 100 మిల్లీసెకన్లను 160 చేశాం. ఫిర్యాదులు తగ్గాయి. కానీ మా దగ్గర ఆడితే ఆట సప్పగా అయిపోయింది, కళ్లు మూసుకుని నొక్కినా పడుతోంది.

అప్పుడు ఒక కుర్రాడి ల్యాప్‌టాప్ తీసుకుని నేనే ఆడాను, విలువను మళ్లీ 100కి దించి. నాకూ పడలేదు! మూలన ఫ్రేమ్ కౌంటర్ 60 అని చూపిస్తోంది. ఒక్క ఫ్రేమ్ జారట్లేదు, బొమ్మ ఎక్కడా తడబడట్లేదు. చూడ్డానికి అంతా బాగుంది, చేతికి మాత్రం బురదలో నడుస్తున్నట్టుంది. ఈరోజు నేను చెప్పబోయేది ఆ బురద ఎక్కడ దాక్కుందో, దాన్ని ఎలా కొలిచామో, అంతే.

ముందు మానిటర్ సంగతి. 60 హెర్ట్జ్ మానిటర్ సెకనుకు 60 సార్లు, అంటే 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి, బొమ్మను పైనుంచి కిందికి గీతలు గీతలుగా గీస్తుంది. దీన్ని స్కానౌట్ అంటాం. అడుగున ఉన్న గీత, పైనున్న గీత కంటే దాదాపు 16 మిల్లీసెకన్లు ఆలస్యంగా మారుతుందన్నమాట. అడుగుకు చేరాక, మళ్లీ పైనుంచి మొదలుపెట్టే ముందు ఒక చిన్న విరామం ఉంటుంది. వీసింక్ అంటే ఆ విరామంలో తప్ప బొమ్మ మార్చకూడదన్న నియమం. ఆ నియమం లేకపోతే గీత సగంలో ఉండగా బొమ్మ మారిపోయి, పైసగం పాత ఫ్రేమ్, కిందిసగం కొత్త ఫ్రేమ్‌గా చిరిగినట్టు కనబడుతుంది.

ఇంతవరకు మీకు తెలిసిందే. చాలామంది ఇక్కడ ఆగిపోయి, వీసింక్ వల్ల వచ్చే ఆలస్యం మహా అయితే ఒక ఫ్రేమే కదా అనుకుంటారు. నేనూ అలాగే అనుకున్నాను. వీసింక్ ఒక్కటే ఉంటే అది నిజం కూడా. చిక్కల్లా దాని ముందు పేరుకునే వరుసతో వస్తుంది.

ఒక దోసెల బండి ఊహించుకోండి. మాస్టరు చెయ్యి చాలా చురుకు, నిమిషంలో మూడు వేస్తాడు. వడ్డించే కుర్రాడు మాత్రం ఖచ్చితంగా నిమిషానికి ఒక్క ప్లేటే తీసుకెళ్తాడు. మాస్టరు ఖాళీగా ఉండలేక వేసుకుంటూ పోతాడు. గట్టు మీద మూడు ప్లేట్లు పట్టేంత జాగా ఉంది. మూడూ నిండాక నాలుగోది చేతిలో పట్టుకుని గట్టు ఖాళీ అయ్యేదాకా నిలబడతాడు. ఇప్పుడు మీరు వెళ్లి ‘ఉల్లిపాయ వెయ్యి’ అన్నారు. మాస్టరు వెంటనే విన్నాడు, తర్వాత వేసే దోసెలో వేశాడు కూడా. కానీ గట్టు మీదున్నవన్నీ వెళ్లాకే మీ ఉల్లి దోసె కదులుతుంది. నిమిషానికి ఒక ప్లేటు వెళ్తూనే ఉంది కాబట్టి దూరంనుంచి చూసేవాడికి వ్యాపారం బ్రహ్మాండంగా సాగుతోంది. మా మూలనున్న ఫ్రేమ్ కౌంటర్ చూసేది అదే.

డైరెక్ట్‌ఎక్స్‌లో ఆ గట్టు పొడవుకు ఒక అంకె ఉంది. `IDXGIDevice1::SetMaximumFrameLatency` అనే ఫంక్షన్ దాన్ని మారుస్తుంది. మీరు ఏమీ చెప్పకపోతే అది 3. ఎందుకు 3? సీపీయూ ముందుగా పని చేసిపెడితే, మధ్యలో ఒక ఫ్రేమ్‌కు సీపీయూ ఆలస్యం చేసినా గ్రాఫిక్స్ కార్డు ఖాళీగా కూర్చోదు, ఆట తడబడదు. నిలకడ కోసం పెట్టిన ఏర్పాటు అది. చదరంగం ఆడేవాడికి దానివల్ల నష్టం ఏమీ లేదు. కత్తి తిప్పేవాడికే తేడా తెలుస్తుంది.

ఇప్పుడు మా ఆట చుట్టును, అంటే గేమ్ లూప్‌ను, ఆ లెక్కలో పెట్టి చూద్దాం. ఆ ల్యాప్‌టాప్‌లో మా ఫ్రేమ్‌కు సీపీయూకి 4 మిల్లీసెకన్లు, జీపీయూకి 6 పడుతున్నాయి. రెండూ 16.7 కంటే చాలా తక్కువ. అందుకే గట్టు ఎప్పుడూ నిండే ఉంటుంది. మా చుట్టు ఇన్‌పుట్ చదువుతుంది, ప్రపంచాన్ని ఒక అడుగు ముందుకు జరుపుతుంది, గీయమని ఆదేశాలు ఇస్తుంది, చివర్లో, తయారైన ఫ్రేమ్‌ను గట్టు మీద పెట్టే `Present` ను పిలుస్తుంది. గట్టు నిండి ఉంది కాబట్టి `Present` అక్కడే ఆగిపోతుంది. మానిటర్ ఒక ఫ్రేమ్ తీసుకోగానే అది తిరిగి వస్తుంది, మేం వెంటనే తర్వాతి ఫ్రేమ్ కోసం ఇన్‌పుట్ చదువుతాం.

ఆ క్షణాన వరుసలో మూడు ఫ్రేములు ఉన్నాయి. మేం ఇప్పుడే చదివిన ఇన్‌పుట్ వాటి వెనక నాలుగోది. నాలుగు ఫ్రేములంటే 66.7 మిల్లీసెకన్లు. దీనికి మిగతావి కలపండి. మీరు ఏ క్షణంలో నొక్కుతారో తెలియదు కాబట్టి, ఆట తర్వాతిసారి ఇన్‌పుట్ చదివేదాకా సగటున అర ఫ్రేమ్, 8.3. తెర మధ్యలో ఉన్న మనిషి దాకా గీత చేరడానికి ఇంకో 8.3. ప్యానెల్ రంగు మారడానికి ఒక 5 అనుకుందాం. మొత్తం 88. ఇందులో మా కోడ్ నిజంగా పని చేసింది 10 మిల్లీసెకన్లే. మిగతాదంతా ఎదురుచూపు.

అయితే మాకెందుకు తెలియలేదు? మా ఆఫీసులో ఉన్నవి 144 హెర్ట్జ్ మానిటర్లు. వరుస పొడవు ఫ్రేముల్లో ఉంటుంది, మిల్లీసెకన్లలో కాదు. 144 దగ్గర ఒక ఫ్రేమ్ 6.9. నాలుగు ఫ్రేములంటే 28, మిగతావీ కలిపితే దాదాపు 40. మేం 40తో ఆడుతూ, 88తో ఆడేవాళ్లను చెయ్యి తిరగలేదని అన్నామన్నమాట. ఆ రోజునుంచి మా దగ్గర ఒక పాత 60 హెర్ట్జ్ మానిటర్ ఉంది. అందరం వంతులేసుకుని దాని మీద పని చేస్తాం. ఎవరికీ ఇష్టం లేదు.

ఇంకో లెక్క చెప్తాను, ఇది నాకు చాలా రోజులు బుర్రకెక్కలేదు. 88 మిల్లీసెకన్ల ఆలస్యం అంటే ‘నేను నొక్కిన 88 తర్వాత కనబడుతుంది’ అని మాత్రమే అనుకుంటాం. దాని రెండో వైపు ఏమిటంటే, ఆట లోపలి కాలం తెర కంటే ముందు నడుస్తోంది. మీకు తెర మీద కనబడుతున్న శత్రువు పాతవాడు. కత్తి తగలడానికి ఇంకా 50 మిల్లీసెకన్లు ఉందనగా, తెర చూసి, సరిగ్గా లెక్కేసుకుని మీరు నొక్కారు. మీ నొక్కు ఆటకు అందేసరికి ఆట లోపల ఆ క్షణం నుంచి 88 గడిచిపోయాయి. అంటే దెబ్బ పడి అప్పటికే 38 మిల్లీసెకన్లు. పోయింది. మీ కళ్లకు, వేళ్లకు ఏ లోపం లేదు. ‘నేను ముందే నొక్కాను’ అన్న కుర్రాడు అక్షరాలా నిజం చెప్పాడు. అదే మా ఆఫీసులో 40 అయితే, దెబ్బకు 10 మిల్లీసెకన్ల ముందే అందుతుంది, అడ్డుకున్నట్టే.

ఇదంతా కాగితం మీది లెక్క. కొలవకుండా నమ్మొద్దు. మేం మొదట కొలిచిన తీరు పూర్తిగా తప్పు, దాన్ని కూడా చెప్తాను.

ఇన్‌పుట్ చదివినప్పుడు ఒక టైమ్ రాసుకున్నాం, `Present` తిరిగి వచ్చాక ఇంకో టైమ్ రాసుకున్నాం, తేడా తీశాం. ఎప్పుడు చూసినా 17 వచ్చింది. ఒక్క ఫ్రేమే కదా, ల్యాగ్ లేదు అని తేల్చేశాం. కానీ `Present` తిరిగి రావడం అంటే మీ ఫ్రేమ్ తెర మీదికి వెళ్లిందని కాదు. గట్టు మీద జాగా దొరికిందని మాత్రమే. ఆట తన లోపల కూర్చుని తన ఆలస్యాన్ని కొలవలేదు. వేలు దగ్గర ఒక కొస, తెర వెలుగు దగ్గర ఇంకో కొస పట్టుకోవాలి.

డూమ్, క్వేక్ చేసిన జాన్ కార్మాక్ 2012లో ఒక మాట అన్నాడు: యూరప్‌కు ఒక నెట్‌వర్క్ ప్యాకెట్ పంపడం కంటే, నా ముందున్న తెరకు ఒక పిక్సెల్ పంపడానికే ఎక్కువ సమయం పడుతోందని. చాలామంది నమ్మలేదు. ఆయన తాను కొలిచిన పద్ధతి చెప్పాడు. కంట్రోలర్ బటన్ నొక్కగానే తెర రంగు మార్చే చిన్న ప్రోగ్రామ్ ఒకటి. కంట్రోలర్, తెర రెండూ కనబడేలా 240 ఫ్రేముల కెమెరాతో వీడియో తీసి, నొక్కిన ఫ్రేమ్ నుంచి తెర మారిన ఫ్రేమ్ దాకా లెక్కపెట్టాడు. 18 ఫ్రేములు, 70 మిల్లీసెకన్లకు పైనే వచ్చింది. తలకు తగిలించుకునే ఒక డిస్‌ప్లే మీద చేసిన కొలత అది. మాకు నచ్చింది ఆ అంకె కాదు, ఆ పద్ధతి. అప్పట్లో 240 ఫ్రేముల కెమెరా అంటే ప్రత్యేకంగా కొనుక్కోవాలి. ఇప్పుడు మన జేబులో ఫోన్‌లోనే స్లో మోషన్ ఉంది.

మేం చేసింది చెప్తాను. 240 దగ్గర కెమెరా ఫ్రేమ్ ఒకటి 4.17 మిల్లీసెకన్లు. ముందు ఆ ఫోన్‌ను నమ్మొచ్చా అని చూడాలి, ఎందుకంటే కొన్ని ఫోన్లు తక్కువ ఫ్రేములు తీసి మధ్యవి కల్పించి పెడతాయి. 60 హెర్ట్జ్ తెర మీద ఒక ఫ్రేమ్ నలుపు, ఒక ఫ్రేమ్ తెలుపు మార్చి మార్చి చూపించే ప్రోగ్రామ్ రాసి వీడియో తీశాం. ఒక్కో రంగు సరిగ్గా నాలుగు కెమెరా ఫ్రేములు ఉండాలి. మా ముగ్గురి ఫోన్లలో ఒకదాంట్లో నలుపు తెలుపులు కలిసిపోయి బూడిద రంగు వచ్చింది. దాన్ని పక్కన పెట్టాం.

రెండోది, వేలు ఎప్పుడు నొక్కిందో వీడియోలో చూసి చెప్పడం అసాధ్యం. వేలు కదలడం మొదలైన చోటు నుంచి స్విచ్ క్లిక్ అయ్యే చోటు దాకా మూడు నాలుగు ఫ్రేములు పడతాయి. అందుకే ఒక పాత మౌస్ విప్పి, దాని ఎడమ బటన్ స్విచ్ తగిలిన క్షణమే వెలిగేలా ఒక ఎల్ఈడీ సోల్డర్ చేశాం. ఎల్ఈడీ వెలిగిన ఫ్రేమ్ మొదటి కొస. మౌస్ సెకనుకు ఎన్నిసార్లు కంప్యూటర్‌కు చెప్తుందో కూడా చూసుకోండి. 125 హెర్ట్జ్ మౌస్ అయితే దాని దగ్గరే 8 మిల్లీసెకన్ల దాకా పోతుంది. 1000 అయితే ఒకటే.

మూడోది, తెర మీద ఏం చూడాలి. కత్తి కదలడం చూడకూడదు. యానిమేషన్‌లో మొదటి రెండు మూడు ఫ్రేములు నిలబడ్డ బొమ్మలాగే ఉంటాయి, అది యానిమేటర్ తెచ్చిన ఆలస్యం, వరుస తెచ్చింది కాదు. అందుకే ఇన్‌పుట్ చదివిన అదే ఫ్రేమ్‌లో ఒక తెల్ల చతురస్రం గీసే టెస్ట్ మోడ్ పెట్టాం. చతురస్రాన్ని తెర పైమూలన కాకుండా మధ్యలో, వీరుడు నిలబడే ఎత్తులో పెట్టండి. మావాడొకడు మొదటిరోజు పైన పెట్టి కొలిచి, రెండోరోజు కింద పెట్టి కొలిచి, ఆట నెమ్మదించిందని గాభరా పడ్డాడు. ఇందాక చెప్పిన స్కానౌట్ తేడా అది, మూడు నాలుగు కెమెరా ఫ్రేములు.

ఇక ఎన్నిసార్లు? ఒక్కసారి నొక్కి చూస్తే ఏమీ తెలియదు. ఫ్రేమ్ మొదలయ్యే ముందు క్షణంలో నొక్కితే ఒక అంకె, మొదలైన మరుక్షణం నొక్కితే దానికి 16 ఎక్కువ వస్తుంది. మేం ప్రతి సెట్టింగ్‌కూ 40 సార్లు నొక్కాం, తాళం పడకుండా, ఇష్టమొచ్చిన ఎడంతో. సగటు కంటే ముందు, అతి తక్కువకూ అతి ఎక్కువకూ మధ్య ఎంత ఉందో చూడండి. 60 హెర్ట్జ్‌లో ఆ తేడా దాదాపు ఒక ఫ్రేమ్, అంటే నాలుగైదు కెమెరా ఫ్రేములు ఉంటే సరిగ్గా కొలుస్తున్నట్టు. ఒకటి రెండే ఉంటే మీ చెయ్యి తెలియకుండానే ఆట తాళానికి నొక్కుతోంది. పది దాటితే వరుస ఒకసారి నిండి, ఒకసారి ఖాళీ అవుతోంది.

ఆ ల్యాప్‌టాప్ మీద మాకు సగటున 22 కెమెరా ఫ్రేములు వచ్చింది, 20 నుంచి 24 మధ్య. అంటే 92 మిల్లీసెకన్లు. కాగితం మీద 88. మౌస్, యూఎస్‌బీ, మా లెక్కలోని చిల్లర తప్పులు కలిపితే సరిపోయింది. నిజం చెప్పాలంటే, అంత దగ్గరగా వచ్చేసరికి నాకు సంతోషం వేసింది, బాధ తర్వాత వేసింది.

ఫోన్ కెమెరా మొత్తం ఎంతో చెప్తుంది గానీ, ఎక్కడో చెప్పదు. దానికి విండోస్‌లో ప్రెజెంట్‌మాన్ అనే ఉచిత సాధనం ఉంది, ఇంటెల్ వాళ్లది. ఆట నడుస్తుండగా ప్రతి ఫ్రేమ్‌కు ఒక లైను అంకెలు రాసిపెడుతుంది. మేం వాడిన 1.x వెర్షన్లలో రెండు కాలమ్‌లు చూస్తే చాలు. `msInPresentAPI` అంటే `Present` లోపల మీరు ఎంతసేపు ఇరుక్కున్నారో. `msUntilDisplayed` అంటే `Present` పిలిచిన దగ్గర్నుంచి ఆ ఫ్రేమ్ తెరకు చేరేదాకా ఎంతో. మాకు మొదటిది 12 నుంచి 13, రెండోది 63 దగ్గర. పొద్దస్తమానం `Present` లో నిలబడుతున్నామంటే గట్టు నిండిందన్న మాటే. ఈ రెండు కాలమ్‌లు చూశాక ఎక్కడ ఇరుక్కున్నామన్న అనుమానం తీరిపోయింది.

మందు ఏమిటి? మందు చాలా చిన్నది. ఎదురుచూపును తీసెయ్యలేం, మానిటర్ 16.7కు ఒకసారే తీసుకుంటుంది. కానీ ఆ ఎదురుచూపు ఇన్‌పుట్ చదివాక చెయ్యాలా, చదవకముందు చెయ్యాలా అన్నది మన చేతిలో ఉంది. మాస్టరు దోసె వేసి పట్టుకుని నిలబడే బదులు, గరిటె పట్టుకుని నిలబడాలి. కుర్రాడు ప్లేటు తీసుకోగానే, ‘ఏం కావాలి’ అని అడిగి అప్పుడు వెయ్యాలి. విండోస్ 8.1 నుంచి దీనికి సరైన దారి ఉంది. స్వాప్ చెయిన్‌ను ఫ్లిప్ పద్ధతిలో, `DXGI_SWAP_CHAIN_FLAG_FRAME_LATENCY_WAITABLE_OBJECT` అనే ఫ్లాగ్‌తో తయారు చేసుకుంటే, గట్టు మీద జాగా దొరికేదాకా ఎదురుచూడటానికి ఒక హ్యాండిల్ ఇస్తుంది.

```cpp
swapChain2->SetMaximumFrameLatency(1);
HANDLE h = swapChain2->GetFrameLatencyWaitableObject();

while (running) {
    WaitForSingleObjectEx(h, 1000, TRUE);
    readInput();
    update();
    render();
    swapChain2->Present(1, 0);
}
```

చూశారుగా, వీసింక్ తీసెయ్యలేదు, `Present` లో 1 అలాగే ఉంది. ఎదురుచూసే వాక్యం మాత్రం చుట్టు అడుగునుంచి పైకి వచ్చింది. అది `readInput` కంటే ముందు ఉండటమే ముఖ్యం. మావాడు మొదట దాన్ని `update` తర్వాత పెట్టాడు, మాకు రావాల్సిన లాభంలో కొంత పోయింది. మొదటి ఫ్రేమ్‌కు ముందు కూడా ఎదురుచూడాలి, లేకపోతే ఒక ఫ్రేమ్ అదనంగా వరుసలో చేరి, చివరిదాకా అలాగే ఉండిపోతుంది.

మళ్లీ అదే ల్యాప్‌టాప్, అదే మౌస్, 40 నొక్కులు. సగటు 10 కెమెరా ఫ్రేములు, 8 నుంచి 12 మధ్య. 42 మిల్లీసెకన్లు. `msInPresentAPI` ఒకటి లోపుకు పడిపోయింది, `msUntilDisplayed` 13కు వచ్చింది. మూలన కౌంటర్ ఇంకా 60 అనే చూపిస్తోంది! 50 మిల్లీసెకన్లు మాయమైనా దానికి తెలియనే తెలియదు. అడ్డుకునే సమయాన్ని 160 నుంచి మళ్లీ 100కు దించాం.

ఇక్కడితో ఆగితే మోసం చేసినట్టు అవుతుంది. దీనికి ఖరీదు ఉంది. వరుస 1 అంటే, సీపీయూ పని, జీపీయూ పని రెండూ కలిపి ఒకే 16.7లో పట్టాలి, ఎందుకంటే ఒకటి తర్వాతి ఫ్రేమ్ చేస్తుండగా ఇంకోటి ఈ ఫ్రేమ్ గీసే వీలు ఇక ఉండదు. మామూలు చోట్ల 4, 6 కలిపితే 10, హాయిగా పట్టింది. కానీ చివరి రాక్షసుడి గుహలో పొగ, నిప్పురవ్వలు, నీడలు. జీపీయూ 13 అయింది. 13, 4 కలిపి 17. అర మిల్లీసెకను కూడా కాదు మనం దాటింది, అయినా ఆ విరామం తప్పిపోయింది, ఫ్రేమ్ తర్వాతి విరామం దాకా ఆగింది. సెకనుకు 30 ఫ్రేములకు పడిపోయాం. పాత వరుసలో ఇదే గుహ 60తో నడిచేది, ఎందుకంటే 13 ఒక్కటే 16.7లో పడుతుంది కదా.

రెండు దారులు. ఒకటి, ఆ విలువను 2 చెయ్యడం. 16.7 మిల్లీసెకన్లు మళ్లీ అప్పజెప్పి 60 నిలబెట్టుకోవడం. రెండోది, ఆ గుహలో తెర రిజల్యూషన్ కాస్త తగ్గించి జీపీయూను 10కి తేవడం. మేం రెండోదే చేశాం. రాక్షసుడి దగ్గరే కదా ఆ బటన్ అన్నిచోట్ల కంటే ఎక్కువ కావాల్సింది. నీడలు కొంచెం మసకగా ఉన్నాయని ఒక్కరూ అడగలేదు. మా ఆర్టిస్టు ఒక్కడే అడుగుతాడు, వారానికోసారి.

సరే, ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: ఇంత కష్టం ఎందుకు, వీసింక్ ఆపేసుకోమని చెప్తే సరిపోదా?)

పోటీలకు ఆడేవాళ్లు అదే చేస్తారు, తప్పేం కాదు. చిరిగిన బొమ్మ భరించగలిగితే ఆలస్యం అన్నిటికంటే తక్కువ అక్కడే. మాది కత్తి అడ్డంగా ఊగే ఆట, చిరుగు సరిగ్గా కత్తి మధ్యలో కనబడుతుంది. కానీ వీసింక్ ఆపడం పరీక్షగా మాత్రం చాలా పనికొస్తుంది. ఆపగానే చేతికి తేలికైతే, మీ జబ్బు వరుసలోనే ఉంది. ఆపినా బురదగానే ఉంటే వరుసను వదిలేసి, యానిమేషన్, టీవీ, మీ సొంత కోడ్ వైపు చూడండి. టీవీ అయితే ముందు గేమ్ మోడ్ పెట్టండి. బొమ్మను మెరుగులు దిద్దే పనులతోనే కొన్ని టీవీలు మన వరుస మొత్తానికి సమానమైన ఆలస్యం కలుపుతాయి.

(ఇంకొకరు: ట్రిపుల్ బఫరింగ్ పెడితే ఆలస్యం తగ్గుతుందని విన్నాను.)

ఆ పేరుతో రెండు వేర్వేరు వస్తువులు తిరుగుతున్నాయి, గొడవంతా అక్కడే. ఒకటి, గట్టు మీద ఇంకో ప్లేటు జాగా పెంచడం. దానితో ఆలస్యం పెరుగుతుంది. రెండోది, కొత్త దోసె రాగానే గట్టు మీదున్న పాతదాన్ని పారేసి, కుర్రాడికి ఎప్పుడూ తాజాది ఇవ్వడం. ఆలస్యాన్ని తగ్గించేది ఇది. వల్కన్‌లో పేర్లు స్పష్టంగా ఉన్నాయి: మొదటి రకం `VK_PRESENT_MODE_FIFO_KHR`, రెండోది `VK_PRESENT_MODE_MAILBOX_KHR`. మొదటిది ప్రతి కార్డులోనూ ఉండి తీరాలి, రెండోది ఉండొచ్చు, లేకపోవచ్చు. మెయిల్‌బాక్స్‌తో పారేసే ఫ్రేములకు కూడా జీపీయూ కష్టపడుతుంది. ల్యాప్‌టాప్ అయితే ఫ్యాన్ రొద, బ్యాటరీ సంగతి మీకు తెలుసు.

(ఒక విద్యార్థిని: మేం యూనిటీ వాడుతున్నాం సార్, ఆ కోడ్ మా చేతికి రాదు కదా?)

మీకు `QualitySettings.maxQueuedFrames` ఉందమ్మా. మామూలుగా 2 ఉంటుంది, 1 చేసి కొలిచి చూడు. ఇంకోటి, బటన్‌ను `FixedUpdate` లో చదువుతున్నారేమో చూసుకోండి. అది మామూలుగా 0.02 సెకన్లకు ఒకసారి నడుస్తుంది, అంటే సెకనుకు 50 సార్లు. ఫ్రేములు 60, అవి 50. కొన్ని ఫ్రేముల్లో అసలు నడవనే నడవదు. ఆ ఫ్రేమ్‌లో నొక్కిన బటన్‌ను `GetKeyDown` తో అడిగితే దొరకదు. అది ఆలస్యం కూడా కాదు, నొక్కు మాయమైపోవడమే. అన్‌రియల్ వాడేవాళ్లు `r.OneFrameThreadLag` ను వెతకండి.

(మొదట అడిగినవారే: ఫ్రేమ్ రేటును 59కి కట్టేస్తే వరుస ఖాళీ అవుతుందంటారు, నిజమేనా?)

నిజమే. మాస్టరు కుర్రాడి కంటే కాస్త నెమ్మదిగా వేస్తే గట్టు మీద ఏమీ పేరుకోదు. కోడ్ మార్చే వీల్లేని ఆటలకు ఆడేవాళ్లు వాడే ఉపాయం అది. కానీ 60 హెర్ట్జ్ తెర మీద 59 ఫ్రేములంటే సెకనుకు ఒక ఫ్రేమ్ రెండుసార్లు కనబడుతుంది. కెమెరా నెమ్మదిగా పక్కకు తిరిగేటప్పుడు ఆ తొట్రుపాటు కంటికి తగులుతుంది. వేరియబుల్ రిఫ్రెష్ ఉన్న మానిటర్ అయితే తెరే ఫ్రేమ్ కోసం ఆగుతుంది కాబట్టి ఆ గొడవ ఉండదు. అక్కడ 144 మానిటర్‌కు 140 దగ్గర కట్టేసుకుని హాయిగా ఆడుకోవచ్చు.

(వెనక నుంచి ఒకరు: మీ చుట్టులో ఇంకా 6 మిల్లీసెకన్లు ఖాళీ ఉంది కదా, ఇన్‌పుట్‌ను ఇంకా ఆలస్యంగా చదవచ్చుగా?)

లెక్క బాగా పట్టుకున్నారు. అవును, 16.7లో మా పని 10, మిగిలిన దాంట్లో ఒక 4 మిల్లీసెకన్లు కావాలనే ఆగి, అప్పుడు చదివితే ఇంకో 4 తగ్గుతాయి. పాత ఆటలు ఆడించే రెట్రోఆర్క్‌లో ఫ్రేమ్ డిలే అనే సెట్టింగ్ చేసేది ఇదే. మేం ప్రయత్నించాం. మొదటి తప్పు, విండోస్‌లో `Sleep(4)` అని రాశాం. దాని టైమర్ మామూలుగా 15.6 మిల్లీసెకన్లకు ఒకసారి లేస్తుంది, 4 అడిగితే ఒక్కోసారి 15 పడుకుంది, ప్రతి రెండో ఫ్రేమ్ జారిపోయింది. తర్వాత టైమర్ సరిచేసి, చివరి కొంత ఊరికే చుట్టు తిప్పుతూ ఆగాం. ఖాళీ గదిలో బాగా పనిచేసింది. ముగ్గురు శత్రువులు ఒకేసారి దూకినప్పుడు మా అంచనా తప్పి ఫ్రేమ్ జారింది. ఒక జారుడు అంటే 16.7 పోయినట్టు, 4 కోసం. ఇప్పటికి ఆ కోడ్ ఉంది, ఆపేసి ఉంచాం. గత కొన్ని ఫ్రేముల్లో అతి నెమ్మదైనదాన్ని చూసుకుని ఎంత ఆగాలో నిర్ణయించే పద్ధతి రాస్తున్నాం. వచ్చేసారి కలిసినప్పటికి దాని 40 నొక్కులు కూడా కొలిచి తెస్తాను. ఆ సోల్డర్ చేసిన మౌస్ ఇక్కడే నా సంచిలో ఉంది, చూడాలనుకునేవాళ్లు ముందుకు రండి. వైరు కాస్త వదులుగా ఉంది, లాగొద్దు.